పరీక్షల టైంటేబుల్ సరిచూసే ప్రోగ్రామ్: నా అనుభవం

మా పరీక్షల విభాగంలో టైంటేబుల్ సరిచూసే ప్రోగ్రామ్ రాసే పని నాకు అప్పగించారు. మొదట రాసినది తప్పు కనబడగానే ఆగిపోయి "టైంటేబుల్ చెల్లదు" అనేది. దాన్ని సరిచేసి మళ్లీ నడిపితే ఇంకొకటి బయటపడేది, ఆ తర్వాత మూడోది. ఏ పరీక్షను జరిపితే ఎన్ని తప్పులు పోతాయో తేల్చుకోవాలంటే అన్నీ ఒకేసారి కళ్లముందుండాలి. అందుకని ఎక్కడా ఆగకుండా ప్రతి తప్పునూ జాబితాలో చేర్చి, చివరికి ఆ జాబితానే ఇచ్చేలా మార్చాను.

విద్యార్థుల క్లాష్‌ను పట్టుకోవడానికి తేదీనీ సెషన్ పేరునూ పోల్చడం నేను చేసిన పెద్ద పొరపాటు. ఒక అమ్మాయికి 9:30 నుంచి 12:30 వరకు రెండో సంవత్సరం పేపరు ఉంది. మొదటి సంవత్సరంలో మిగిలిపోయిన పేపరు అదే రోజు 12:00కి మొదలవుతుంది. ఒకటి "ఉదయం", మరొకటి "మధ్యాహ్నం" కాబట్టి ప్రోగ్రామ్‌కు క్లాష్ కనబడలేదు. ఆ అమ్మాయే హాల్‌టికెట్ పట్టుకుని వచ్చి అడిగింది. ఆమె ముందు నిలబడి సమాధానం చెప్పడం కష్టమైంది. ఆ రోజే పేర్లు తీసేసి, తేదీతో కలిపిన సమయాలను పోల్చాను:

```
a.start < b.end and b.start < a.end
```

ఒకే రెండు పేపర్ల మధ్య పద్నాలుగు మందికి క్లాష్ వస్తే పద్నాలుగు వరుసలు వచ్చేవి. వాటిని ఒక్క వరుసగా చేసి, అందులోనే అందరి హాల్‌టికెట్ నంబర్లు ఇచ్చాను.

ఎక్కువ రోజులు పట్టింది గదుల లెక్కకే. ఒక్కో పరీక్షను విడిగా చూస్తే ప్రతిదీ గదిలో పడుతుంది, కానీ ఒకే హాలులో రెండు మూడు పరీక్షలు కలిపి పెడతారు. అందుకని ఒక పరీక్షతో సమయం కలిసే పరీక్షలన్నింటి విద్యార్థుల సంఖ్యనూ కలిపి లెక్కపెట్టాను. అప్పుడు లేని తప్పులు రావడం మొదలైంది. 60 సీట్ల హాలులో 9:30–10:30కి 25 మంది, 10:00–12:00కి 30 మంది, 11:00–12:30కి 28 మంది ఉన్నారనుకోండి. మధ్య పరీక్ష మిగతా రెండింటితోనూ కలుస్తుంది కాబట్టి మొత్తం 83 వస్తుంది. కానీ మొదటి పరీక్ష వాళ్లు వెళ్లిపోయాకే మూడో పరీక్ష వాళ్లు వస్తారు. హాలు నిండేది కొత్త పరీక్ష మొదలైనప్పుడే కనుక, ఆయా క్షణాల్లో లోపల ఉన్నవారిని లెక్కపెడితే చాలు: 25, 55, 58. హాలు సరిపోతుంది.

ఇన్విజిలేటర్ ఒకే సమయంలో రెండు గదుల్లో ఉన్నారా అన్నది పై పోలికతోనే తేలింది. రోజుకు రెండు డ్యూటీల పరిమితి దాటినప్పుడు మాత్రం మూడోదాన్ని మాత్రమే తప్పుగా చూపితే అదే తీసేయాలన్నట్టు ఉంటుంది. ఇప్పుడు ఆ వరుసలో ఇన్విజిలేటర్ పేరు, పరిమితి, ఆ రోజు పడిన మూడు డ్యూటీలూ గది, సమయంతో సహా ఉంటాయి. దేన్ని మరొకరికి మార్చాలో డ్యూటీ చార్టు వేసే మేడమ్ చూసుకుంటారు.