సంతకం నాది కాదు

పేరెంట్స్ ఈవినింగ్‌లో ఒక్కో టీచర్ దగ్గర ఐదు నిమిషాలు. మ్యాథ్స్, సైన్స్ అయ్యాయి. పీఈ, అంటే ఆటల టీచర్ దగ్గర కూడా కూర్చోవాలా అని మా ఆయన గొణిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది కదా అని కూర్చున్నాం.

ఆవిడ మా పెద్దమ్మాయి ప్లానర్, అదే స్కూలు డైరీ, తెరిచి నా ముందు పెట్టింది. ఏడు వారాల్లో ఐదు నోట్లు. కడుపునొప్పి, మడమ బెణుకు, జలుబు, మళ్ళీ మడమ, మళ్ళీ కడుపునొప్పి. "దయచేసి ఈ రోజు ఆటల నుంచి మినహాయించగలరు" అని రాసి, కింద నా సంతకం. సంతకం నాది కాదు. బాగానే పెట్టింది, అది వేరే సంగతి.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో, లండన్‌కి పడమటగా ఉన్న రెడింగ్‌లో. మా అమ్మాయి అప్పుడు ఇయర్ ఎయిట్, అంటే పన్నెండు దాటి పదమూడు నడుస్తోంది. ప్రైమరీ స్కూల్లో ఈ పిల్లే బ్రేక్‌లో అబ్బాయిలతో ఫుట్‌బాల్ ఆడి మోకాళ్ళు చీరుకుని వచ్చేది. సెకండరీలో చేరిన కొత్తలో మంగళవారం సాయంత్రాలు నెట్‌బాల్ క్లబ్బుకి వెళ్ళింది. తర్వాత అది ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియలేదు. పోన్లే, చదువుకి టైం దొరుకుతుంది అనుకున్నాను కూడా.

ఇంటికెళ్ళాక అరవలేదు. అరవాలనే ఉంది, కానీ ఆ నోట్లు చూస్తుంటే నాకు ఖమ్మంలో మా ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. నేను ఖో-ఖో బాగా ఆడేదాన్ని. పెద్దమనిషినయ్యాక పదకొండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఫంక్షన్ అయ్యాక స్కూలుకి వెళ్ళాను గానీ గ్రౌండ్‌కి మాత్రం వెళ్ళలేదు. ఎవరూ వద్దనలేదు. లంగా ఓణీలో ఎలా పరిగెత్తాలో తెలియక నేనే గట్టు మీద కూర్చున్నాను. ఆ ఏడాది గట్టు మీద నాకు తోడు మరో ఆరుగురు ఉన్నారు.

అమ్మాయి ఒకేసారి చెప్పలేదు. కారులో వెళ్ళేటప్పుడు, నా ముఖం చూడక్కర్లేనప్పుడు, ముక్కలు ముక్కలుగా చెప్పింది. మొదటిది స్కూలు పీఈ డ్రెస్సు. తెల్ల పోలో టీషర్టు, పైకి గౌను అంచులా కనిపించే పొట్టి నిక్కరు. వాన పడితే టీషర్టులోంచి అంతా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో వాన పడని గురువారం ఎక్కడుంది? రెండోది కాళ్ళు. "అందరి కాళ్ళూ నున్నగా ఉంటాయమ్మా. నావి చూసి ఒకమ్మాయి నవ్వింది." అంతకుముందు రెండుసార్లు అది వాక్సింగ్ అడిగితే, ఇప్పుడేం తొందర అని నేనే కొట్టిపారేశాను. మన పిల్లలకి వెంట్రుకలు నల్లగా, ఒత్తుగా ఉంటాయని ఆ డ్రెస్సు పెట్టినవాళ్ళకి తట్టకపోవచ్చు. నాకు తట్టి ఉండాల్సింది.

మూడోది అది అసలు చెప్పలేదు, నేను పట్టుకున్నాను. ఇంట్లో మెట్లు దిగేటప్పుడు చేతులు కట్టుకుని దిగుతోంది. నేను కొనిచ్చిన మామూలు బ్రాతోనే పరిగెత్తుతోంది. రొమ్ములు చిన్నవైనా సరే పరుగులో పైకీ కిందికీ, పక్కలకీ కదులుతాయి, నొప్పి పెడతాయి. పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన సర్వేలో, 11 నుంచి 18 ఏళ్ళ మధ్య రెండు వేల మందికి పైగా స్కూలు అమ్మాయిలను అడిగితే, 46 శాతం మంది తమ రొమ్ముల వల్ల ఆటల్లో పాల్గొనడం ఎంతో కొంత దెబ్బతింటోందని చెప్పారు. ఇది పీఈ టీచర్ చెప్పగా విన్నాను. ఇరవై ఏళ్ళ క్రితం నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

స్పోర్ట్స్ బ్రా కొనడం కూడా మేం తప్పుగానే మొదలుపెట్టాం. పెరుగుతోంది కదా, ఏడాది పాటు వస్తుందని ఒక సైజు పెద్దది తీసుకున్నాను, స్కూలు బూట్లు కొన్నట్టు. అది పనిచేయదు. బరువు మోయాల్సింది భుజాల పట్టీలు కాదు, ఛాతీ చుట్టూ ఉండే అడుగు పట్టీ. అది ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉండాలి. కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకు మించి లాగితే రాకూడదు. చేతులు పైకెత్తినప్పుడు వెనక వీపు మీదికి పాకితే వదులని అర్థం. కప్పు అంచు నుంచి పొంగినా, గుడ్డ ముడతలు పడినా సైజు కుదరనట్టే. షాపు ట్రయల్ రూమ్‌లో పదిసార్లు గెంతమన్నాను. "మమ్మీ, ప్లీజ్" అని తల పట్టుకుంది గానీ గెంతింది. ఈ వయసులో మూడు నాలుగు నెలలకోసారి మళ్ళీ చూడాలి. ఖర్చే, కానీ నోట్లు ఆగింది ముందు దీనితోనే.

పీరియడ్స్ సంగతి మాత్రం ఇంట్లో తేలేది కాదు. 2020 జనవరి నుంచి ఇంగ్లండ్ ప్రభుత్వ స్కూళ్ళలో ప్యాడ్లు ఉచితంగా ఇచ్చే పథకం ఉంది. మా స్కూల్లోనూ ఉన్నాయి, రిసెప్షన్ దగ్గర. అక్కడికి వెళ్ళి, ఆఫీసు అంకుల్ ముందు నిలబడి అడగాలి. పైగా క్లాసులు జరిగేటప్పుడు టాయిలెట్లకి తాళం. పథకం కాగితం మీద ఉంది, పిల్ల ప్లానర్‌లో కడుపునొప్పి ఉంది. అన్నట్టు, ప్రతి నోటూ సాకు కాదు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా జీపీ డాక్టర్‌కి చూపించి రక్తపరీక్ష చేయించాలి. మా అమ్మాయి స్నేహితురాలికి ఐరన్ బాగా తక్కువని అలాగే తేలింది.

నేను స్కూలుకి ఫిర్యాదు రాస్తానని కూర్చుంటే పీఈ టీచర్ వేరే దారి చెప్పింది. క్లబ్ రిజిస్టర్ చూపించింది. సెప్టెంబర్‌లో ఇరవై ఆరుగురు, ఫిబ్రవరికి తొమ్మిది మంది. నేను ఒక్కొక్కరూ మానేశారని అనుకున్నాను. రిజిస్టర్‌లో చూస్తే అలా లేదు. ఒక వారం నలుగురు, ఇంకో వారం ముగ్గురు, గుంపులు గుంపులుగా మాయమయ్యారు. స్నేహితురాళ్ళు కలిసే వస్తారు, కలిసే మానేస్తారు. ఆ నలుగురు మానేసిన వారానికి ముందు వారం ఏం జరిగిందో చూస్తే, 'ఎ' టీం, 'బి' టీం జాబితాలు గోడకి అంటించిన రోజు. నలుగురిలో ఇద్దరు ఒక జాబితాలో, ఇద్దరు ఇంకో జాబితాలో.

ఆవిడ పేర్లు రాయకుండా చీటీలు రాయించింది. స్పోర్ట్స్ ఇష్టమేనా అని అడగలేదు. అలా అడిగితే ఇష్టమేననో, బోర్ అనో రాసి ఊరుకుంటారు. "నువ్వు ఆఖరిసారి రాని రోజు ఏం జరిగింది?" అని ఒకే ప్రశ్న వేసింది. తెల్ల టీషర్టు, చేంజింగ్ రూమ్, నాలుగున్నరకి బస్సు తప్పిపోవడం, ఎప్పుడూ వింగ్ డిఫెన్స్‌లోనే నిలబెట్టడం. నెట్‌బాల్ తెలియనివాళ్ళకి చెప్పాలంటే, ఏడుగురి టీం, ప్రతి ఒక్కరూ తమ స్థానాన్ని చెప్పే అక్షరాలున్న బిబ్ వేసుకుని కోర్టులో తమకిచ్చిన భాగం దాటకూడదు. గోల్ వేయగలిగేది ఇద్దరే. వింగ్ డిఫెన్స్ బిబ్ ఇచ్చారంటే ఆట రానివాళ్ళని పిల్లలందరికీ తెలిసిపోతుంది.

మొదట చేసినవి ఫలించలేదు. అమ్మాయిలకి డ్యాన్స్ ఇష్టమని జుంబా పెట్టారు. రెండు వారాలు వచ్చి మానేశారు. వరసగా ఐదుసార్లు వస్తే గిఫ్ట్ వోచర్ అన్నారు. రిజిస్టర్ నిండిపోయింది. నేను పేరెంట్ వాలంటీర్‌గా వెళ్ళి చూస్తే సగం మంది పేరు చెప్పించుకుని బెంచీ మీద జాకెట్లు కప్పుకుని కూర్చున్నారు. అప్పటి నుంచి నేను హాజరు లెక్కపెట్టడం మానేసి, గంటలో బంతి ముట్టుకున్నది ఎంతమంది, పోయిన వారం వచ్చినవాళ్ళలో ఈ వారం మళ్ళీ వచ్చింది ఎంతమంది అని రాయడం మొదలుపెట్టాను.

నిలిచిన మార్పులు చిన్నవి. ముదురు నీలం టీషర్టు, కింద లెగ్గింగ్సో ట్రాక్ ప్యాంటో నిక్కరో ఎవరిష్టం వాళ్ళది. స్కూలు పాలకమండలిలో ఉండే గవర్నర్లు ఇది స్కూలు సంప్రదాయం అంటే, టీచర్ అన్నీ తెల్ల బట్టలే అనే వింబుల్డన్ టెన్నిస్ సంగతి తీసింది. 2023 నుంచి అక్కడ ఆడవాళ్ళు ముదురు రంగు లోనిక్కర్లు వేసుకోవచ్చు. అదే ఏడాది ఇంగ్లండ్ మహిళల ఫుట్‌బాల్ టీం కూడా తెల్ల నిక్కర్లు మాని నీలానికి మారింది. వాళ్ళకి లేని సంప్రదాయం మనకెందుకు అంది. పీఈ ఉన్న రోజు ఇంటి నుంచే ఆ బట్టల్లో రావచ్చన్నారు. చేంజింగ్ రూమ్ గొడవ దాంతో చాలావరకు తీరింది, క్లాసులో పది నిమిషాలు మిగిలింది కూడా. ప్యాడ్ల బుట్ట టాయిలెట్లోకి మారింది. పీఈ సమయంలో ఒక టాయిలెట్ తెరిచి ఉంచారు.

క్లబ్బుని రెండుగా చేశారు. మంగళవారం మ్యాచ్‌ల కోసం, బుధవారం లంచ్‌లో ఊరికే ఆడుకోవడానికి. బుధవారం సెలక్షన్ లేదు, ఐదేసి నిమిషాలకి బిబ్‌లు మార్చుకోవాలి, ఇయర్ టెన్ అమ్మాయిలే నడుపుతారు. మానేసినవాళ్ళని విడివిడిగా పిలవలేదు, గుంపుగానే పిలిచారు. ఒక గుంపులో అందరికంటే ముందు మాట్లాడే పిల్లని పట్టుకుంటే మిగతా ముగ్గురూ వచ్చారు. జూన్‌కి బుధవారం పద్దెనిమిది మంది ఆడుతున్నారు. మంగళవారం మాత్రం పదకొండు దాటలేదు. ఇద్దరు ముగ్గురు అసలు తిరిగి రాలేదు, వాళ్ళకి నిజంగానే ఆట ఇష్టం లేదేమో.

ఇంట్లో మార్చాల్సింది ఇంకా ఉంది. శనివారం మ్యాచ్ ఉంటే కూచిపూడి, మ్యాథ్స్ ట్యూషన్, తెలుగు బడి ముందూ వెనకా జరగాలి. మా ఇంట్లో ఎప్పుడూ పక్కకి జరిగేది మ్యాచ్. సింధు పతకం గెలిచినప్పుడు ఫ్యామిలీ గ్రూపులో జెండాలు పెట్టిన మా ఆయనే, "జీసీఎస్ఈ పరీక్షల్లో నెట్‌బాల్‌కి మార్కులుంటాయా?" అన్నాడు. ట్యూషన్ ఆదివారానికి మార్చడానికి రెండు నెలలు పట్టింది. ఎండలో ఆడితే నల్లబడతావనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదని రూల్ పెట్టాను. మొదట నోరు జారింది నేనే.

అత్తయ్యగారు ఫోన్‌లో ప్రతి ఆదివారం మనవరాలి ఆట సంగతి అడుగుతారు. పోయినేడాది హాఫ్ శారీ ఫంక్షన్‌కి వరంగల్ వెళ్ళినప్పుడు, "పెద్దపిల్లయింది, ఇంక గెంతులేంటి" అని ఆవిడే అన్నారు. పోయిన ఆదివారం అమ్మాయే ఫోన్ తీసి, ఈ శనివారం మ్యాచ్ ఉంది నానమ్మా, బి టీంలో సెంటర్ ఆడుతున్నా అని చెప్పింది. సెంటరంటే ఏంటో ఆవిడకి తెలియదు. కాసేపాగి, "ఆ చలిలో కాళ్ళకి ఏం వేసుకుంటావే?" అని అడిగారు.

"నల్ల లెగ్గింగ్స్, నానమ్మా."

"లోపల ఇంకోటి వేసుకో."