పాల లెక్కల కాగితం, పంతొమ్మిది వరుసలు

పొద్దున్నే ఆఫీసుకు వచ్చి ఫోల్డర్ తెరిస్తే మళ్ళీ అవే పాల పుస్తకాలు. పాల సేకరణ కేంద్రాల్లో ఒక్కో రైతుకీ పక్షానికో పేజీ రాస్తారు. పేజీకి పది కాలమ్‌లు. మొదటిది తేదీ, తర్వాత ఉదయం కింద లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, సొమ్ము, సాయంత్రం కింద మళ్ళీ అవే నాలుగు, చివర రోజు మొత్తం. పైన శీర్షికకు రెండు వరుసలు, కింద కూడికకు ఒకటి, మధ్యలో పదహారు. నెలకు 31 రోజులుంటే రెండో పక్షానికి పదహారు రోజులు కావాలి కదా, అందుకని అచ్చులో ఎప్పుడూ పదహారే ఉంటాయి. మొదటి పక్షంలో ఆఖరి వరుస ఖాళీగానే మిగులుతుంది. మొత్తం పంతొమ్మిది వరుసలు. వీటిని ఫోన్‌లో ఫొటోలు తీసి పంపిస్తారు. గడులు ఎక్కడెక్కడున్నాయో ఒక ఏఐ మోడల్‌తో పట్టుకోవడం నా పని, గడి లోపలి అంకెలు చదవడం వేరే టీమ్ పని.

ఫారం ఒక్కటే అయినప్పుడు మోడల్ దేనికని మా మేనేజర్ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కాగితాన్ని స్కానర్ మీద పరిచి తీస్తే నిజంగానే అక్కర్లేదు. నాలుగు మూలలు పట్టుకుని ఒక గళ్ళ మూస అంటిస్తే పని అయిపోతుంది. కానీ ఇవి కుట్టిన పుస్తకాలు. కుట్టు దగ్గర పేజీ వంగి, చివరి రెండు కాలమ్‌లు మూస నుంచి పక్కకు జరిగిపోతాయి. పోనీ బొమ్మలతో పనిచేసే ఓపెన్‌సీవీ లైబ్రరీతో గీతలే వెతుకుదామంటే, అచ్చు గీత చాలాచోట్ల వెలిసిపోయి ఉంటుంది, పెన్నుతో రాసిన పొడుగాటి ఒకటి అంకె మాత్రం దిట్టంగా కనిపిస్తుంది. ప్రోగ్రామ్ దాన్నే నిలువు గీత అనుకుంటుంది.

మోడల్ ఎంపికలో నేను ఎక్కువగా ఆలోచించింది ఖచ్చితత్వం గురించి కాదు, లేబులింగ్ ఖర్చు గురించి. ఒక రకం మోడళ్ళు బొమ్మను చూసి పట్టిక అల్లికను హెచ్‌టీఎంఎల్ ట్యాగులుగా వరుసగా రాసుకుంటూ పోతాయి. పాడిల్ ఓసీఆర్‌లోని స్లానెట్, ఐబీఎం వాళ్ళ టేబుల్‌ఫార్మర్ ఈ దారిలోవే. వీటికి నేర్పాలంటే ప్రతి గడికీ పెట్టె గీయాలి. మన పేజీకి దాదాపు నూట ఎనభై పెట్టెలు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ టేబుల్ ట్రాన్స్‌ఫార్మర్ వేరే తీరు. అది డెటర్ అనే ఆబ్జెక్ట్ డిటెక్షన్ పద్ధతి మీద నడుస్తుంది. వరుసను ఒక వస్తువుగా, కాలమ్‌ను ఒక వస్తువుగా పట్టుకుంటుంది. రెండూ కలిసే చోటు గడి. పేజీకి పది కాలమ్‌లు, పంతొమ్మిది వరుసలు, పట్టిక మొత్తానికి ఒకటి, శీర్షికకు ఒకటి, కలిసిపోయిన గడులు నాలుగు (ఉదయం, సాయంత్రం, తేదీ, మొత్తం), వెరసి 35 పెట్టెలు. ఆ మోడల్ ఒక బొమ్మలో 125 వస్తువుల వరకే పట్టగలదు కాబట్టి ఆ హద్దుకు కూడా మనం చాలా దూరంలో ఉన్నాం.

ఆ 35 కూడా చేత్తో గీయనవసరం లేదని తేలాక ఇక వేరే మోడల్ వైపు చూడలేదు. అడ్డంగా ఇరవై, నిలువుగా పదకొండు గీతల స్థానాలు చూపిస్తే చాలు, పెట్టెలన్నీ ఒక చిన్న స్క్రిప్టు తయారుచేస్తుంది. పక్కపక్క వరుసల పెట్టెల మధ్య సందు ఉండకూడదు. ప్రతి వరుసా పట్టిక వెడల్పంతా, ప్రతి కాలమూ శీర్షికతో కలిపి ఎత్తంతా ఉండాలి. ఈ మోడల్ మొదట నేర్చుకున్నది అలాంటి పెట్టెలతోనే, మనం మార్చితే ఉన్న చదువు పాడవుతుంది.

లేబుల్ చేసినవి అరవై పేజీలు. వాటిలో ఇరవై పరీక్షకు పక్కన పెట్టాను. అయితే పేజీలను కలగలిపి తీయలేదు, రెండు కేంద్రాలను పూర్తిగా విడిగా ఉంచాను. ఒకే కేంద్రం పేజీలు అటూ ఇటూ చేరితే అదే ప్రెస్సు అచ్చు, అదే సెక్రటరీ గారి చేతిరాత, అదే టేబుల్ మీద అదే వెలుతురు రెండు వైపులా ఉంటాయి. అప్పుడొచ్చే మార్కులను నమ్మి కొత్త ఊరి పుస్తకం ఇస్తే బోర్లా పడతాం.

ముందుగా ఏమీ నేర్పకుండా మోడల్‌ను ఉన్నదున్నట్టు నడిపాను. కాలమ్‌లు పర్వాలేదు. వరుసల దగ్గరే తేడా వచ్చింది. ఒక పేజీలో 8వ తేదీ నుంచి 11 వరకు ఖాళీ, వాటి మీదుగా ఏటవాలుగా "గేదె వట్టిపోయింది" అని రాసి ఉంది. మోడల్ ఆ నాలుగు రోజులనూ కలిపి రెండు వరుసలు చేసింది. కారణం ఊహించగలిగిందే. అది చదువుకున్నది ప్రధానంగా పబ్‌టేబుల్స్-1ఎం మీద, అంటే శాస్త్ర పత్రికల్లోని దాదాపు పది లక్షల పట్టికల మీద. అక్కడ చాలా పట్టికలకు గీతలు అంతగా ఉండవు, అక్షరాలు ఏ ఎత్తులో కూర్చున్నాయో దాన్నిబట్టే వరుస తెలుస్తుంది. రాత లేని వరుస అనేది దానికి దాదాపు పరిచయం లేని సంగతి. మన ఫారంలో గీతే వరుస, రాత ఉన్నా లేకపోయినా.

మోడల్ ప్రతి పెట్టెకూ తన నమ్మకాన్ని ఒక స్కోరుగా ఇస్తుంది, హద్దు దాటినవే మనం తీసుకుంటాం. ఇలాంటి చోట నేను ఆ స్కోరు హద్దును 0.5 నుంచి 0.3కి దించి చూస్తాను. తప్పిపోయిన వరుస అప్పుడు పైకి తేలితే, మోడల్ దాన్ని చూసింది కానీ ధైర్యం చాలలేదని అర్థం. కొద్దిపాటి ఉదాహరణలతో అది సర్దుకుంటుంది. అయినా తేలకపోతే అసలు చూడనే లేదన్నమాట, అప్పుడు డేటా ఎక్కువ కావాలి. మన పేజీల్లో ఎక్కువ శాతం మొదటి రకమే. హద్దు దించి అలాగే వదిలేస్తే మాత్రం ఒక వరుస మీద రెండు పెట్టెలు పడటం మొదలవుతుంది, అది మందు కాదు.

మధ్యాహ్నం లేబులింగ్ చేసే కుర్రాడు అదే పేజీ పట్టుకొచ్చాడు.

"అన్నా, ఇది కలిపిన గడినా, నాలుగు ఖాళీ వరుసలా? రాత మాత్రం నాలుగింటి మీదా ఉంది."

"అచ్చులో మధ్య గీతలున్నాయా?"

"ఉన్నాయి."

"అయితే నాలుగే. పెన్ను రాతను లెక్కలోకి తీసుకోవద్దు, అచ్చు గీతే మనకు ప్రమాణం."

"మరి ఇంకో అమ్మాయి నిన్న ఇలాంటివి కలిపేసిందే!"

వెతికితే అలాంటివి నాలుగైదు దొరికాయి. నలభై పేజీల్లో ఖాళీ రోజులున్న పేజీలే కొన్ని. వాటిలో సగం ఒకలా, సగం మరోలా ఉంటే మోడల్ ఏది నేర్చుకోవాలి? లక్ష పేజీలుంటే ఈ తేడా సగటులో కొట్టుకుపోతుంది, ఇక్కడ పోదు. అన్నీ సరిచేయించి, నియమాన్ని ఒక వాక్యంగా గోడకు అంటించాం.

ఇంకో సంగతి వాలు. ఈ మోడల్ పెట్టెలు నిటారుగానే ఉంటాయి, వాలవు. మన పట్టిక వెడల్పు బొమ్మలో సుమారు 1000 పిక్సెళ్ళు, ఎత్తు 720. అంటే వరుస ఎత్తు 38. ఫొటో రెండే రెండు డిగ్రీలు వాలిందనుకోండి, వరుస ఎడమ కొసకూ కుడి కొసకూ 35 పిక్సెళ్ళ తేడా వస్తుంది. ఎడమవైపు 5వ తేదీలో మొదలైన అడ్డ పెట్టె కుడివైపుకు వెళ్ళేసరికి దాదాపు పక్క తేదీలో తేలుతుంది. కంటికి ఆనని వాలు ఇది. అందుకే మోడల్‌కు ఇచ్చే ముందే పట్టిక నాలుగు మూలలు పట్టుకుని `cv2.getPerspectiveTransform`తో సరిచేస్తున్నాను. శిక్షణలో బొమ్మలను తిప్పడం కూడా ఒక డిగ్రీ లోపే ఉంచాను. ఎడమను కుడి చేసే ఫ్లిప్ అసలు పెట్టలేదు, తేదీ కాలమ్ కుడివైపున ఉండే పాల పుస్తకం ఏ ఊళ్ళోనూ ఉండదు. వెలుతురు, మసక, నీడలు మాత్రం ధారాళంగా మార్చాను.

మొదలుపెట్టింది `microsoft/table-transformer-structure-recognition-v1.1-all` నుంచి. అది గుర్తించే ఆరు రకాల వస్తువుల తరగతులనూ, వాటి నంబర్లనూ అలాగే ఉంచాను. మన ఫారంలో లేని తరగతి ఉంది కదా అని తీసేసి తరగతుల సంఖ్య మార్చితే ఆఖరి పొర కొత్తగా, ఖాళీ బుర్రతో మొదలవుతుంది. నలభై పేజీలు దాన్ని నింపడానికే చాలవు. బొమ్మ లక్షణాలు తీసే రెస్‌నెట్ భాగాన్ని కదలకుండా కట్టేశాను:

```python
for n, p in model.named_parameters():
    if "backbone" in n:
        p.requires_grad = False
opt = torch.optim.AdamW(
    (p for p in model.parameters() if p.requires_grad),
    lr=1e-5, weight_decay=1e-4)
```

సాయంత్రానికి శిక్షణ ముగిసింది. ఫలితం చూసే పద్ధతి గురించి ఇక్కడ రాసుకోవాలి. ఈ రంగంలో గ్రిట్స్ అనే కొలత వాడతారు. సరిపోయిన గడులను రెండుతో గుణించి, అసలు గడులూ మోడల్ ఇచ్చిన గడులూ కలిపిన మొత్తంతో భాగిస్తారు. లెక్క తేలిక కావడానికి శీర్షికలోని కలిసిన గడులను పక్కనబెడితే మనకు 190 గడులు. ఒక వరుస మొత్తం పోయిందనుకుందాం, 180 మిగిలాయి. 360ని 370తో భాగిస్తే 0.97. వినడానికి ఎంత బాగుంది! కానీ మేం తేదీని వరుస సంఖ్యను బట్టి తీసుకుంటాం. 8వ తేదీ వరుస పోతే 9వ తేదీ పాలు 8కి, 10వి 9కి జమ అవుతాయి. రైతు దృష్టిలో ఆ పేజీ సున్నా. అందుకని నేను చూసేది ఒకటే, వరుసలూ కాలమ్‌లూ అన్నీ సరిగ్గా వచ్చిన పేజీలెన్ని. నేర్పకముందు ఇరవైలో మూడు. ఇప్పుడు పదహారు.

కూడికతో సరిచూస్తే చాలదా అని పక్క సీటు మిత్రుడు అన్నాడు. రోజుల సొమ్ము కలిపి కింది మొత్తంతో పోల్చవచ్చు, నిజమే. కానీ పోయింది ఖాళీ వరుస అయితే కూడిక చక్కగా సరిపోతుంది, జరిగిపోయింది తేదీలే. మరో పేజీలో గళ్ళన్నీ సరిగ్గానే ఉన్నాయి, మొత్తం మాత్రం కలవలేదు. చూస్తే పుస్తకంలో రాసినవాళ్ళ కూడికే తప్పు. కాబట్టి రెండు తనిఖీలూ వేరువేరుగా పెట్టాం. వరుసలు పంతొమ్మిదీ కాలమ్‌లు పదీ కాకపోతే పేజీ మనిషి దగ్గరకు వెళ్తుంది, కూడిక కలవకపోతే వేరే జాబితాలోకి వెళ్తుంది.

మిగిలిన నాలుగు పేజీలూ ఒక్కొక్కటిగా తెరిచాను. మూడింటిలో కుట్టు దగ్గరి వంపే కారణం, సాయంత్రం సొమ్ము కాలమ్ సన్నబడి రోజు మొత్తంలో కలిసిపోయింది. నాలుగోదాంట్లో కార్బన్ కాపీ మరక. ఇంకో నలభై పేజీలు లేబుల్ చేయించడానికి అనుమతి దొరికింది. అవి ఏరడంలో ఈసారి లాటరీ లేదు, లావుపాటి పుస్తకాల మధ్య పేజీలే తీసుకోమని చెప్పాను. కేంద్రాలకు కూడా ఫోన్ చేయాలి, ఫొటో తీసేటప్పుడు కుట్టు పక్కన ఒక స్కేలు పెట్టి నొక్కి పట్టుకోమని.