ఏడు ఫొటోలు వచ్చాయి, ఒక్క లైనూ రాలేదు

చిక్కడపల్లిలో నాది చిన్న డీటీపీ షాపు. పోయిన నెల ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఏడు ఫొటోలు పంపాడు, జనగామ దగ్గర వాళ్ల నాన్న పేరు మీదున్న 1979 నాటి పొలం కాగితాలు, చేత్తో రాసిన తెలుగు, ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసివ్వాలి, లాయర్‌కి శుక్రవారంలోగా కావాలి. చిన్న పనే కదా అని రేటు చెప్పేసి అడ్వాన్స్ కూడా తీసుకున్నాను. అదే తప్పు, ముందు ఫొటోలు తెరిచి చూడాల్సింది.

కంప్యూటర్‌లో తెరిస్తే స్టాంపు పేపర్ మీద అచ్చేసిన అక్షరాలు తప్ప ఇంకేమీ కనపడట్లేదు. పేజీ మధ్యలో ట్యూబ్‌లైట్ తెల్లటి చారలా పడింది, లామినేషన్ చేయించిన కాగితం మరి. మిగతా చోట ఇంకు ఉంది గానీ అక్షరం లేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే "అన్నా, నా ఫోన్ల మంచిగనే కనవడ్తుంది కదా" అన్నాడు. చిన్న స్క్రీన్ మీద పేజీ మొత్తం చూస్తే ఎవరికైనా మంచిగానే కనపడుతుంది. పెద్దది చేసి ఒక్క పేరు చదివి చెప్పమన్నాను, కాసేపు మాట్లాడలేదు.

ఫైల్ వివరాలు చూస్తే విషయం అర్థమైంది. ఒక్కో ఫొటో 1200 × 1600 పిక్సెళ్లు, అంటే చుక్కలు, సైజు 150 కేబీ కూడా లేదు. మామూలుగా ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని చిన్నది చేసి పంపుతుంది, ఊళ్లో తీసిన ఫొటో అలాగే వచ్చింది. అందులోనూ టేబుల్ అంచులు పోగా కాగితం పొడవుకి మిగిలింది 1300 చుక్కలు. కాగితం 14 అంగుళాలు. అంటే అంగుళానికి 93. రెండు మిల్లీమీటర్ల అక్షరం ఏడు చుక్కల్లో ఇరుక్కుంది, కింద ఒత్తుకి దక్కింది మూడో నాలుగో. అంత చోటులో ప, వ, మ మూడూ ఒకటే. కంప్యూటరే అక్షరాలు చదివే ఓసీఆర్ కోసమైతే అంగుళానికి 300 ఉండాలంటారు, ఇది అందులో మూడో వంతు.

అయినా మొండిగా రెండు గంటలు కూర్చున్నాను. షార్ప్ చేస్తే అంచులు గట్టిపడ్డాయి గానీ కొత్త అక్షరమేదీ పుట్టలేదు, నలుపు తెలుపు చేస్తే ఉన్న ఒత్తులు కూడా ఊడిపోయాయి. చివరికి లెక్కతో పట్టుకుందామనుకున్నాను. నాలుగు సర్వే నంబర్లలో మూడింటి విస్తీర్ణం ఎలాగోలా కనపడుతోంది: 1-05, 0-28, 0-19. ఎకరానికి 40 గుంటలు కాబట్టి కలిపితే 2 ఎకరాల 12 గుంటలు. మొత్తంలోంచి ఇది తీసేస్తే నాలుగోది తేలిపోవాలి. కానీ మొత్తం దగ్గర 3-12 ఉందో 3-17 ఉందో తెలియదు. మొదటిదైతే నాలుగోది 1-00, రెండోదైతే 1-05. నాలుగో దాని చివరంకె కూడా సరిగ్గా అక్కడే మసక! ఐదు గుంటల తేడా, రెండూ లెక్కకి సరిపోతున్నాయి. పొలం కాగితంలో నేను ఊహించి ఒక అంకె వేస్తే రేపు హద్దుల గొడవలో అది నా మెడకే చుట్టుకుంటుంది.

అడ్వాన్స్ తిరిగిస్తానన్నాను. తమ్ముడు "వద్దన్నా, ఎట్ల తియ్యాల్నో చెప్పు" అన్నాడు. చెప్పాను: లైట్లన్నీ ఆర్పేసి పగటిపూట కిటికీ పక్కన కాగితం నేల మీద పరచాలి, ఫోన్ సరిగ్గా దానిపైన ఉండాలి, లామినేషన్ మెరిస్తే కాగితాన్నే కాస్త తిప్పాలి. పేజీకి రెండు ఫొటోలు, పై సగం, కింది సగం, మధ్యలో రెండు లైన్లు రెండింట్లోనూ రావాలి. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి. పంపేటప్పుడు ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా. ఇంకో మాట, స్క్రీన్‌షాట్ తీసి పంపొద్దు (మొదటి విడతలో రెండు అవే).

మర్నాడు పధ్నాలుగు ఫైళ్లు వచ్చాయి, ఒక్కోటి 3 ఎంబీ పైనే. అదే అక్షరం ఇప్పుడు ముప్పై చుక్కలు దాటింది, రాసినాయన గొలుసుకట్టు అలవాటు పడటానికి అరగంట పట్టింది, తర్వాత ఆగకుండా నడిచింది. మొత్తం 3-17. నాలుగోది 1-05.

మూడో పేజీలో మడత దగ్గర ఒకటిన్నర లైను మాత్రం రాలేదు, అక్కడ కాగితం మీదే ఇంకు లేదు. లామినేషన్ చేయించేనాటికే అరిగిపోయిందట. ఆ చోట బ్రాకెట్లో 'చదవడానికి వీలుకాలేదు' అని ఇంగ్లీషులో టైపు చేసి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి పెట్టుకోమని చెప్పాను. శుక్రవారానికి కాగితాలు ఇచ్చేశాను గానీ ఆ లైనున్నర కోసం తమ్ముడు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.