మోచేతి మడతలో పది రోజులు

కొత్త మాయిశ్చరైజర్ ఒంటికి పడుతుందో లేదో ముందే చూసుకునే ప్యాచ్ టెస్ట్ చేశాననే అనుకున్నాను. రాత్రి ఎడమ మోచేతి మడతలో కాస్త రాసుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఎర్రదనం లేదు, దురద లేదు. అదే రోజు నుంచి ముఖమంతా రాయడం మొదలుపెట్టాను.

మూడో రోజు పొద్దున అద్దంలో చూసుకుంటే పైరెప్పలు రెండూ ఉబ్బి ఉన్నాయి. బుగ్గల మీద ఎర్రగా, ఇసుక చల్లినట్టు సన్నటి పొక్కులు. మంట కంటే దురద ఎక్కువ. కళ్ళ దాకా నేను ఆ క్రీమ్ రాయనేలేదు, అయినా ముందు వాచింది అక్కడే.

చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పి, "టెస్ట్ కూడా చేశానండీ, ఏమీ రాలేదు" అన్నాను కాస్త గర్వంగానే.

"ఏ చేతికి? ఏదీ, చూపించండి," అన్నారావిడ.

చొక్కా చేయి పైకి మడిచాను. సరిగ్గా ఆ రాత్రి రాసుకున్న చోటే రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. వేలితో తడిమితే గరుగ్గా తగిలింది. ముఖం గొడవలో పడి చేతిని నేను మళ్ళీ చూసుకోనే లేదు.

"టెస్ట్ సరిగానే పనిచేసింది. మీరే చూడటం ముందుగా ఆపేశారు," అన్నారు.

చర్మం ఎదురు తిరగడం రెండు రకాలట. ఒకటి, ఆ పదార్థమే ఘాటైనదై చర్మాన్ని ఒరిపిడి పెట్టడం. రాసిన కొద్ది నిమిషాల్లోనో కొన్ని గంటల్లోనో మంట, చురచుర మొదలవుతాయి. నా ఒక్క రాత్రి టెస్ట్‌లో దొరికితే ఇది దొరకాలి. రెండోది అలర్జీ. ఇందులో ఒంట్లోని రక్షణ కణాలు ఆ పదార్థాన్ని గుర్తుపట్టి, అక్కడికి చేరి, గొడవ మొదలుపెట్టాలి. దానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నేను చూసింది పది గంటల తర్వాత. రెప్పల చర్మం అన్నిటికంటే పలచన కాబట్టి, వేళ్ళకు అంటిన కాస్త క్రీమ్ చాలిందట.

ఆ క్రీమ్ ఆపేసి, డాక్టర్ గారిచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ చెప్పినన్ని రోజులే వాడాను. చర్మం మామూలయ్యాక అసలు దేనికి అలర్జీయో తేల్చడానికి ఆసుపత్రిలో చేసే ప్యాచ్ టెస్ట్‌కి వెళ్ళాను. రెండింటికీ పేరు ఒకటే గానీ ఇది వేరు. రకరకాల పదార్థాలు గడికొకటి చొప్పున కొంచెం కొంచెంగా పెట్టిన పట్టీలు వీపుకి అంటించారు. 48 గంటలు వీపు తడవకూడదు. పట్టీలు తీసిన రోజు ఒక గడి దగ్గర కాస్త గులాబీ రంగు కనిపించిందంతే. "ఇప్పుడే ఏమీ చెప్పలేను, మళ్ళీ రండి," అన్నారు. అంటించిన 96 గంటలకు చూస్తే అదే గడి ఎర్రగా ఉబ్బి, పొక్కులతో తేలింది. పరిమళ ద్రవ్యాల మిశ్రమం పెట్టిన గడి అది.

అప్పటి నుంచి లేబుల్ మీద ముందు వెతికేది ఫ్రాగ్రెన్స్, పర్ఫమ్ అన్న మాటలే. ఒక మోసం కూడా అప్పుడే తెలిసింది. అన్‌సెంటెడ్ అని రాసి ఉన్నంత మాత్రాన పరిమళం లేదని కాదు. మిగతా పదార్థాల వాసన తెలియకుండా చేయడానికి పరిమళ ద్రవ్యమే కలిపి ఉండొచ్చు. కావలసింది ఫ్రాగ్రెన్స్ ఫ్రీ.

అలాంటిది ఒకటి కొని, ఈసారి డాక్టర్ గారు చెప్పిన పద్ధతిలో మొదలుపెట్టాను. మోచేతి మడతలో బాల్‌పెన్‌తో రూపాయి బిళ్ళంత గుండ్రం గీసుకుని, లోపల రోజుకు రెండుసార్లు, ముఖానికి ఎంత మందాన రాస్తామో అంతే మందాన రాయాలి. పైన బ్యాండేజీ కట్టకూడదు. ఏడు నుంచి పది రోజులు, రోజూ అదే చోట. స్నానంలో గీత చెరిగిపోతుంది కాబట్టి రోజూ మళ్ళీ దిద్దుకోవాలి. ఎక్కడ రాశామో కచ్చితంగా తెలియకపోతే కనిపించిన ఎరుపు దానిదో కాదో చెప్పలేం.

నా తెలివి ఒకటి జోడించాను. కుడి మోచేతి మడతలో కూడా గుండ్రం గీసి, ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా చేతులకు వాడుతున్న పాత క్రీమ్ రాశాను. ఇదే నన్ను కాపాడింది. నాలుగో రోజు సాయంత్రం ఎడమ మడతలో దురద. చూస్తే ఎర్రగా ఉంది. ఇదీ పోయిందనుకున్నాను. ఊరికే కుడి చేయి కూడా చాచి చూశాను. అక్కడా అదే ఎరుపు, పైగా గుండ్రం దాటి మడత పొడవునా గీతలా ఉంది. ఆ రోజంతా బిగుతు చేతుల చొక్కాలో చెమట పట్టి ఒరుసుకుంది. క్రీమ్ వల్లనైతే ఎడమ గుండ్రంలోనే ఉండాలి కదా.

అయినా ఆ లెక్క వదిలేశాను. రెండు చేతులూ మామూలయ్యే వరకు ఆగి, మడతకి రెండు అంగుళాల కింద, ముంజేతి లోపలివైపు కొత్త గుండ్రం గీసి ఒకటో రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ చేతికి ఇంకే కొత్తదీ తగలనివ్వలేదు. స్టెరాయిడ్ క్రీమ్ రాస్తున్న చోట మాత్రం ఈ టెస్ట్ చేయకూడదట. రావలసిన ఎరుపుని అది అణిచేస్తుంది.

పది రోజులూ ఏమీ రాలేదు. ముంజేతి కంటే ముఖం చర్మం సున్నితం కాబట్టి వెంటనే ముఖమంతా పట్టించలేదు. చెవి కింద, దవడ అంచున వేలెడు మేర నాలుగు రోజులు రాశాను. ఆ తర్వాతే బుగ్గలకు, చివరికి నుదుటికి.

మూడు వారాలకు నుదుటి మీద రెండు మూడు చిన్న గింజలు లేచాయి. దురద లేదు, ఎరుపు లేదు, రంధ్రాలు మూసుకుపోయి వచ్చినవి. చేతి మీద ఎన్ని రోజులు రాసినా ఈ సంగతి తెలియదు, ముఖం మీద కొన్ని వారాలు వాడితేనే బయటపడుతుంది. నుదుటికి ఆపేసి బుగ్గలకు మాత్రం వాడుతున్నాను. అలర్జీ కొత్తగా ఎప్పుడైనా మొదలవ్వొచ్చు కాబట్టి, ఎప్పుడు దురద పెట్టినా ముందు ఆపేది దీన్నే.

మొన్న చెల్లి వచ్చి ట్యూబు చేతిలోకి తీసుకుంది. "నీకు పడింది కదక్కా, నేనూ రాసుకోనా?"

"నాకు పడితే నీకు పడ్డట్టా? ఫేస్‌వాష్ అయితే చేతి మీద రాసి, ముఖం మీద ఉంచుకునేంత సేపే ఉంచి కడిగేద్దువు. ఇది రోజంతా ముఖం మీదే ఉండేది, చేతి మీదా అలాగే ఉంచి చూడు," అని పెన్ను ఇచ్చాను.

విసుక్కుంటూనే గీసుకుంది. ఈ రోజుకి దాని గుండ్రానికి మూడో రోజు. పొద్దున ఫోన్ చేసి, "ఏమీ రాలేదు, ఇక చాలా?" అని అడిగింది.

"ఇంకా నాలుగు రోజులైనా ఆగు," అన్నాను.