జూన్ నెలాఖరు లెక్క, కాశీబుగ్గ

ఇవాళ జీడి లోడు లేదు కాబట్టి జూన్ నెల బ్యాంకు లెక్క ముందేసుకున్నాం. కొత్తగా చేరిన కుర్రాడు పొద్దున్నే మొదలెట్టాడు. "మాస్టారూ, మన క్యాష్‌బుక్కులో 84,600 ఉంది. బేంకోల్లు 1,06,684 చూపిస్తన్నారు. 22,084 ఎక్కువెందుకిచ్చారండి?"

ఎవరూ ఎక్కువ ఇవ్వరు నాయనా, మే నెలకి మన పుస్తకానికీ బ్యాంకుకీ తేడాలు చూపిస్తూ రాసుకున్న స్టేట్‌మెంటు తియ్యి అన్నాను. కిందటి నెల తేలకుండా మిగిలినవి ఈ నెల తేలాయో లేదో ముందు చూసుకోవాలి. ఆ తర్వాతే జూన్ ఎంట్రీలకు పెన్సిలుతో టిక్కులు. మన పుస్తకంలో డెబిట్టు పక్క ఉన్నది పాస్‌బుక్కులో క్రెడిట్టు పక్క దొరుకుతుంది. మన డబ్బు వాళ్లకి అప్పు కదా.

టిక్కు పడనివి నాలుగు మిగిలాయి. గోనెసంచుల వాళ్లకి 28న ఇచ్చిన 25,000 చెక్కు ఇంకా బ్యాంకుకు రాలేదు. 30 సాయంత్రం మనం వేసిన 12,000 చెక్కు జమ కాలేదు. విశాఖ పార్టీ 9,500 నెఫ్ట్‌లో పంపి చెప్పలేదు. బ్యాంకు చార్జీలు జీఎస్టీతో కలిపి 236 కోశారు. కలిపేవి కలిపి, తీసేవి తీస్తే 22,264 వచ్చింది. ఇంకా 180 తేడా!

కుర్రాడు మళ్లీ మొదట్నించి టిక్కులు పెట్టబోయాడు. ఆగమన్నాను. 180ని తొమ్మిదితో భాగిస్తే శేషం లేదు. అలాంటప్పుడు నేను ముందు అంకెలు తారుమారయ్యాయేమో చూస్తాను. ప్రతిసారీ అదే కానక్కర్లేదు గానీ, ఈసారి దొరికింది. లారీ కిరాయి చెక్కు 5,640. పుస్తకంలో 5,460 అని ఉంది. చెక్కు నంబరు చూసి టిక్కు పెట్టేశాడు, మొత్తం చూడలేదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు, తేడాలన్నీ పుస్తకంలోకి ఎక్కించేస్తారు. మనం రాయనివీ తప్పు రాసినవీ మాత్రమే క్యాష్‌బుక్కులో సరిచేయాలి. 84,600కి నెఫ్ట్ 9,500 కలిపి, చార్జీలు 236, కిరాయి తేడా 180 తీసేస్తే 93,684. మన అసలు నిల్వ అదే. రెండు చెక్కులూ పుస్తకంలో ముందే ఉన్నాయి, బ్యాంకులో తేలడమే ఆలస్యం. వాటిని స్టేట్‌మెంటులోనే చూపాలి: 93,684కి 25,000 కలిపి 12,000 తీస్తే 1,06,684. పాస్‌బుక్కుతో సరిపోయింది.

"గోనెసంచుల చెక్కు ఎప్పటికీ రాకపోతే ఏటండి?" అన్నాడు. మంచి ప్రశ్నే. చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటితే బ్యాంకు తీసుకోదు. అప్పుడు ఆ ఎంట్రీ తిరగరాసి, 25,000 మళ్లీ మనం వాళ్లకి బాకీ ఉన్నట్టు చూపించాలి. ఊరికే ప్రతి నెలా స్టేట్‌మెంటులో మోసుకుంటూ పోకూడదు. వాళ్లకి ఫోన్ చేయమన్నాను. చెక్కు బీరువాలోనే ఉందట, రేపు వేస్తారట.