విమానం టైరును తన్ని చూస్తే తెలియదు

సెలవుకు హన్మకొండ వచ్చినప్పుడల్లా మా బావ కారు టైరును కాలితో తన్ని "గాలి సరిపోయింది" అని తేల్చేస్తాడు. నేను విమానాల నిర్వహణలో పనిచేస్తానని తెలిసి ఈసారి, "మీ టైర్లలో అంత గాలి ఎందుకు?" అని అడిగాడు.

లెక్క వేసి చూపించాను. నిండు బరువుతో ఉన్న బోయింగ్ 737-800లో ఒక్కో ప్రధాన చక్రం మీద దాదాపు 18 టన్నులు పడుతుంది. అందులో పీడనం సుమారు 200 పీఎస్‌ఐ. బరువును పీడనంతో భాగిస్తే టైరు నేలను తాకే వైశాల్యం వస్తుంది. టైరు వెడల్పు 40 సెంటీమీటర్లు అనుకుంటే, నేలను తాకే భాగం పొడవు 30 సెంటీమీటర్ల పైచిలుకు. అదే కారులా 33 పీఎస్‌ఐ పెడితే ఆ పొడవు దాదాపు రెండు మీటర్లు కావాలి. టైరు మొత్తం ఎత్తే అంత ఉండదు!

తనిఖీ కూడా వేరు. ఒకే ఇరుసు మీద రెండు టైర్లు ఉంటాయి కాబట్టి ఒకదానిలో పీడనం తగ్గితే పక్కది బరువు మోస్తుంది. కంటికి ఏమీ కనిపించదు. అందుకే గేజి తప్పనిసరి. అదీ దిగిన వెంటనే కాదు, రెండు మూడు గంటలు చల్లారాక. వేడి టైరు ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీయకూడదు. నింపేది నైట్రోజన్. సాధారణంగా పీడనం 90 శాతం కన్నా తగ్గితే ఆ టైరు తీసేస్తాం. 80 శాతం కన్నా తగ్గితే, అంత బరువు మోసిన జంట టైరునూ తీసేస్తాం, చూడటానికి ఎంత బాగున్నా సరే. బావకు ఇది మాత్రం అన్యాయంగా తోచింది.