మార్చి 31 లెక్కలో దొరకని కారణం

గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే మా కుటుంబ కంపెనీ లెక్కలు నేనే చూస్తాను. నిరుడు మా సొంత పెట్టుబడి మీద రాబడి 18 శాతం నుంచి 12 శాతానికి పడిపోయింది. మార్జిన్ తగ్గడమే కారణమని అన్నయ్య నమ్మకం. నమ్మకంతో సరిపెట్టుకోకుండా, డ్యూపాంట్ పద్ధతిలో ఆ రాబడిని విడదీసి చూశాను:

```
ROE = లాభం/అమ్మకాలు × అమ్మకాలు/ఆస్తులు × ఆస్తులు/ఈక్విటీ
```

మొదట మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్ అంకెలే వేశాను. మార్జిన్ 2 శాతం నుంచి 1.6కు దిగింది, ఆస్తుల టర్నోవర్ మాత్రం రెండేళ్లూ 1.8 దగ్గరే నిలిచింది, ఈక్విటీకి, అంటే సొంత పెట్టుబడికి, ఆస్తులు 5 రెట్ల నుంచి 4.2 రెట్లకు తగ్గాయి. అంటే తప్పు మార్జిన్‌దీ, తగ్గిన అప్పుదీ అని తేలింది. అయితే వడ్డీ ఖర్చు 95 లక్షల నుంచి 1.10 కోట్లకు పెరిగినట్టు లెడ్జరు చూపుతోంది. అప్పు తగ్గితే వడ్డీ ఎలా పెరుగుతుంది?

ఆలోచిస్తే పొరపాటు తేదీలో ఉందని అర్థమైంది. మార్చి నెలాఖరుకు యార్డుకు కొత్త కాయ ముమ్మరంగా వస్తుంది కాబట్టి, ఏ ఏడాదైనా ఆ రోజున మా గోదాము నిండుగానే కనిపిస్తుంది. మిగిలిన నెలల్లో సరుకు కదిలిందా లేదా అన్నది ఆ ఒక్క రోజు చెప్పలేదు. అందుకని బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంట్లు, బాకీల పట్టీలు ముందేసుకుని పన్నెండు నెలాఖరుల సగటు తీశాను. సగటు ఆస్తులు 16 కోట్ల నుంచి 18.8 కోట్లకు పెరిగాయి, అమ్మకాలేమో 40 కోట్ల నుంచి 37.6 కోట్లకు తగ్గాయి. టర్నోవర్ 2.5 నుంచి 2కు పడింది. ఈక్విటీ కూడా 4 కోట్ల నుంచి 4.7 కోట్లకు పెరగడంతో ఆ నిష్పత్తి రెండేళ్లూ 4 రెట్లే. సగటుల మీద రాబడి 20 నుంచి 12.8 శాతానికి తగ్గింది. అందులో అప్పుల నిష్పత్తి పాత్ర ఏమీ లేదు.

మార్జిన్ సంగతి మిగిలింది. వడ్డీకీ పన్నుకూ ముందు లాభం చూస్తే, కోల్డ్ స్టోరేజీ అద్దె పోను కూడా, రెండేళ్లూ అమ్మకాల్లో సుమారు 5 శాతమే. కొనుగోలు ధరలోనూ అమ్మకం ధరలోనూ మేము నష్టపోలేదు. ధర పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో నిలబెట్టిన సరుకు ఒకవైపు టర్నోవర్‌ను తగ్గించి, మరోవైపు వడ్డీ రూపంలో మార్జిన్‌నూ కొరికింది. పైకి రెండు కారణాలుగా కనిపించినవి ఒకే నిల్వకు రెండు ముఖాలు. మూడు భాగాల సూత్రంలో వడ్డీ భారం మార్జిన్‌లోనే కలిసిపోతుంది కనుక, దాన్ని విడిగా తీసి చూడకపోతే ఇది బయటపడదు.

“అయితే ఎన్నాళ్లు నిలబెట్టొచ్చు?” అని అన్నయ్య అడిగాడు. మా అప్పు మీద వడ్డీ ఏడాదికి 9.5 శాతం, అంటే నెలకు సుమారు 0.8. పూర్తిగా అప్పుతో కొన్న మిర్చి బస్తా ధర కదలకుండా ఆరు నెలలు పైబడి నిలిస్తే ఆ 5 శాతం వడ్డీకే సరిపోతుంది. ఇప్పుడు ప్రతి నెలా స్టాకు స్టేట్‌మెంటులో ఆరు నెలలు దాటిన లాట్లను విడిగా రాసి ఆయన చేతికిస్తున్నాను.